పలాస జీడిపప్పు అమ్మే వాట్సాప్ బిజినెస్ ఖాతా: సెట్ చేసేముందు జాగ్రత్తలు

☐ గ్రీటింగ్‌లో ధర రాయకండి. అది మొదటిసారి రాసినవాళ్లకీ, 14 రోజులుగా మాటాపలుకూ లేనివాళ్లకీ మాత్రమే వెళ్తుంది. నిన్న అడిగినవాళ్లకి వెళ్లదు.

☐ ధరలు క్విక్ రిప్లైలో పెట్టండి. `/dhara` అని కొడితే వస్తుంది, పంపేలోపు దిద్దుకోవచ్చు. గుండుకీ బద్దకీ విడివిడిగా రాసుకోండి.

☐ అసలు చిక్కంతా లేబుళ్లతోనే. `Paid` పెట్టినంత మాత్రాన `Pending payment` దానంతటది పోదు, ఒకే చాట్‌కి రెండూ ఉండిపోతాయి. టెక్కలి ఆవిడ 2 కిలోలకి డబ్బు కట్టేశాక కూడా పాత లేబుల్ చూసి మళ్లీ అడిగాను. "నిన్ననే వేశాను కదా బాబూ!" అంది. సిగ్గేసింది.

☐ `Paid` పెట్టేముందు చూడాల్సింది బ్యాంకు ఖాతా, స్క్రీన్‌షాట్ కాదు.