సాయం గ్రూపులో ఒకే ఇంటికి మూడు మెసేజీలు వస్తే: వాలంటీర్లకు సమస్య - పరిష్కారం

రాత్రంతా వాన దంచి, పాలమూరు పెద్దచెరువు అలుగు పారిందంటే రామయ్యబౌలి వైపు ఇళ్లలోకి నీళ్లొస్తాయి. తెల్లారి చూస్తే కాలనీ వాట్సాప్ గ్రూపు నిండా మెసేజీలు. అందులో సాయం కావాల్సిన ఇళ్లెన్ని, తిరిగి తిరిగి వచ్చినవెన్ని, అసలు మన ఊరివి కానివెన్ని అని ఏరడమే ఇక్కడ పని. అన్నం పొట్లాలు మోసేవాళ్లు దొరుకుతారు గానీ, ఓపికగా కూర్చుని ఈ ఏరే పని చేసేవాళ్లే దొరకరు.

సమస్య: ఒకే ఇంటికి ఇద్దరు వెళ్లారు, పక్క గల్లీకి ఒక్కరూ వెళ్లలేదు

కారణం: మెసేజ్‌కొక ఇల్లు అని లెక్కపెట్టడం. నీళ్లలో చిక్కుకున్నవాళ్లు తామే రాసి పెట్టడం తక్కువ. వాళ్ల తరఫున హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఒక మాట, మేనకోడలు ఒక మాట, పక్కింటాయన ఇంకో మాట రాస్తారు. చదివేవాళ్లకు అవి మూడిళ్లలా కనిపిస్తాయి. పైగా ఊళ్లో చుట్టాలున్నవాళ్లకు మూడు మెసేజీలు వస్తాయి, ఎవరూ లేనివాళ్లకు ఒక్కటీ రాదు. అందుకే ఎక్కువ మెసేజీలు వచ్చినంత మాత్రాన అవసరం ఎక్కువని కాదు.

పరిష్కారం: లెక్క ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్ నంబరు మీద పెట్టాలి, పంపినవాళ్ల నంబరు మీద కాదు. ఆ నంబరు చివరి నాలుగు అంకెలే ఆ ఇంటి గుర్తు. నంబరును ఒకరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు, ఇంకొకరు ముందు +91 పెడతారు, అందుకే గ్రూపులో వెతికితే ఒక్కోసారి దొరకదు. నోటుబుక్కులో చివరి నాలుగు అంకెలు చూసుకుంటే చాలు. రాసే మనిషి మాత్రం ఒక్కరే ఉండాలి. ఇద్దరు రాస్తే రెండు పుస్తకాలు, మళ్లీ మొదటి తిప్పలే.

ఉదాహరణకు, మూడు మెసేజీలు ఇట్ల వచ్చాయనుకుందాం. 6:10కి "రామయ్యబౌలిల మా అమ్మ ఒక్కతే ఉంది, బీపీ గోలీలు అయిపోయినయ్". 6:25కి "మసీదు వెనక గల్లీల ముసలామె నీళ్లల్ల ఉన్నది, ఎవరన్న పోండ్రి". 6:50కి ఫార్వర్డ్ చేసిన మెసేజ్: "అర్జెంట్, ముగ్గురు చిక్కుకున్నరు". మొదటి దానిలో తల్లి నంబరు ఉంది, మిగతా రెండింటిలో లేదు. ఆ ఇద్దరినీ అడగాల్సింది ఒక్కటే: "అన్నా, ఆ ఇంట్ల ఉన్నోళ్ల నంబర్ పెట్టు." రెండో ఆయన పెట్టిన నంబరు కూడా 4471తోనే ముగిసింది, అంటే ఆమే. మూడో దానికి నంబరు ఇంకా రాలేదు. దాన్ని వేరే వరుసలో రాసి పెట్టుకోవాలి తప్ప, అదీ ఇదే ఇల్లయి ఉంటుందిలే అని కలిపేయొద్దు. రెండిళ్లను ఒకటిగా కలిపేస్తే ఒక ఇల్లు పూర్తిగా తప్పిపోతుంది, దాని కన్నా రెండుసార్లు పోవడమే నయం.

పుస్తకంలో వరుసలు ఇట్ల ఉంటే చాలు: వరుస సంఖ్య, నంబరు చివరి అంకెలు, చోటు, ఎందరున్నరు, ఏం కావాలె, ఎప్పుడు మాట్లాడినం, పని ఎక్కడిదాకా వచ్చింది.

```
7 | 4471 | రామయ్యబౌలి, మసీదు వెనక | 1 | బీపీ గోలీలు | ఫోన్ 6:32 | పోవాలి
8 | నంబరు లేదు | చోటు తెలియదు | 3 | చిక్కుకున్నరు | అడిగినం 6:52 | ఆగింది
```

సమస్య: వెళ్లి చూస్తే తాళం వేసి ఉంది, ఎప్పుడో వెళ్లిపోయారట

కారణం: మెసేజ్ కింద కనిపించే టైమ్. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ మీద ఉండేది మన గ్రూపులోకి వచ్చిన టైమే, మొదట రాసిన టైమ్ కాదు. నిన్న రాత్రి పదింటి గోడు ఇయ్యాల పొద్దున ఏడింటికి వచ్చినట్టు కనిపిస్తుంది. రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. వాట్సాప్‌లో తిరిగిన ఫొటోలో తీసిన తేదీ, చోటు వివరాలు మిగలవు కాబట్టి ఫొటో చూసి కూడా తేల్చలేం.

పరిష్కారం: ఫోన్ చేయకుండా ఎవరినీ పంపొద్దు. అడగాల్సినవి నాలుగే: "పెద్దమ్మా, ఇప్పుడు ఎక్కడున్నవ్? ఇంట్ల ఎందరున్నరు? నీళ్లు ఎంత దాకున్నయ్, పెరుగుతున్నయా? ముందుగాల్ల ఏం కావాలె?" లోతును అడుగుల్లో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చీలమండా, మోకాలా, నడుమా అని అడిగితే వెంటనే చెప్తారు. ఫోన్ ఎత్తకపోతే పది నిమిషాలాగి మళ్లీ చేయాలి. స్విచాఫ్ వస్తే చార్జింగ్ అయిపోయిందేమో, సాయం అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. పక్కింటివాళ్ల నంబరు పట్టుకోవాలి.

పని అయ్యాక మొదటి మెసేజ్‌కే రిప్లై ఇచ్చి "7 అయిపోయింది, 8:15" అని పెట్టాలి. బొటనవేలు గుర్తు ఒక్కటి పెడితే చూశారో, పోతున్నారో, పోయొచ్చారో తెలియదు. అడ్మిన్ మన గ్రూపులో మెసేజ్ తీసేసినా, వేరే గ్రూపులకు పోయిన కాపీలు అట్లనే తిరుగుతుంటాయి. కాబట్టి మనం పెట్టే ప్రతి మెసేజ్ లోపలే తేదీ, టైమ్, ఊరు రాయాలి. అప్పుడు అది ఎక్కడికి పోయినా పాతదని చదివినవాళ్లకు తెలుస్తుంది.

సమస్య: చిరునామా ఉంది, అక్కడ ఆ ఇల్లే లేదు

కారణాలు రెండు. ఒకటి, పేర్ల తికమక. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ తొందరలో చదివితే ఒకేలా ఉంటాయి. మహబూబ్‌నగర్‌ను పాలమూరు అని, మహబూబాబాద్‌ను మానుకోట అని కూడా అంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లా వరదలో చిక్కుకుంది. అట్లాంటి రోజుల్లో అక్కడి మెసేజ్ ఇక్కడి గ్రూపులోకి రావడానికి ఎంతో సేపు పట్టదు. "పాలమూరా, మానుకోటా?" అని అడిగితే ఒక్క మాటలో తేలుతుంది. పిన్‌కోడ్ ఉంటే పాలమూరు పట్టణానిది 509001, మానుకోటది 506101. గాంధీనగర్, హనుమాన్‌నగర్ లాంటి పేర్లకైతే ఊరి పేరు లేకుండా కదలొద్దు.

రెండోది లొకేషన్ పిన్. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు "కరెంట్ లొకేషన్" పంపితే వచ్చేది తానున్న చోటే, తల్లి ఇల్లు కాదు. పిన్ తెరిచి ఊరు చూడాలి. ఇంట్లో ఉన్నవాళ్లే పంపినా, సిగ్నల్ సరిగా లేకపోతే పక్క గల్లీ చూపిస్తుంది. పిన్‌తో పాటు ఒక ఆనవాలు అడగాలి: కిరాణా కొట్టో, ట్రాన్స్‌ఫార్మరో, గుడో.

సమస్య: ప్రాణం మీదికొచ్చిన మెసేజ్ "నమస్తే"ల కింద పడిపోయింది

కారణం చెప్పక్కర్లేదు. వాన పడ్డ రోజు సాయం గ్రూపులో దండాలు, వార్తల వీడియోలు ఆపడం ఎవరి తరమూ కాదు. అందరూ మెసేజీలు పోసే గ్రూపు ఒకటి, వాలంటీర్ల గ్రూపు ఇంకొకటి పెట్టుకుని, రెండో దాంట్లో అడ్మిన్లే రాసేట్టు సెట్టింగ్ మార్చాలి. పుస్తకంలో వరుస సంఖ్య వచ్చిందే అందులోకి పోవాలి.

ఊపిరాడకపోవడం, కాన్పు నొప్పులు, స్పృహ తప్పడం ఉంటే వరుస సంఖ్య కోసం ఆగొద్దు, 108కి చేయాలి. నీళ్లు పెరుగుతున్నాయన్నా, వడిగా పారుతున్నాయన్నా 101కి గానీ 112కి గానీ చేయాలి. మోకాలి లోతే కదా అని వాలంటీర్లను దింపొద్దు. పారే నీళ్లు ఆ లోతులోనే మనిషిని పడేస్తాయి, కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉన్నా కనిపించదు. కరెంటు తీగ తెగిపడిందంటే సప్లై ఆపారని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా ఆ గల్లీకి ఎవరినీ పంపొద్దు.

మధ్యాహ్నం మనిషి మారేటప్పుడు పుస్తకం చేతికిచ్చి ఊరుకోవద్దు. "పోవాలి", "ఆగింది" అని ఉన్న వరుసలన్నీ ఇద్దరూ కలిసి చదవాలి. పై ఉదాహరణలో 8 ఇంకా ఆగే ఉంది. కొత్తగా కూర్చున్నవాళ్లు మొదటి ఫోన్ దాని గురించే, ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసిన మనిషికి చేయాలి.