నెలసరి కడుపునొప్పికి శొంఠి: ఎప్పుడు, ఎంత, ఎవరికి వద్దు

నెలసరి తొలి రెండు రోజుల్లో పొత్తికడుపు పట్టేసినట్లు నొప్పి రావడానికి ముఖ్య కారణం గర్భాశయ పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. శొంఠి వాటి తయారీని కొంత తగ్గిస్తుంది కనుక, నొప్పి ముదిరాక కాక మొదట్లోనే తీసుకోవాలి. పలాసలోని జీడి బట్టీలో రోజంతా కూర్చుని పనిచేసే అమ్మాయికి నెలసరి మొదటి రోజునే నొప్పి వస్తుందనుకుందాం. ఆమె నొప్పి మొదలవుతున్నట్లు అనిపించగానే పావు చెంచా శొంఠి పొడిని గోరువెచ్చని నీటిలో బెల్లంతో కలిపి, భోజనం తర్వాత రోజుకు మూడుసార్లు, మూడు రోజులు తాగితే సరిపోతుంది. గుండెమంట వస్తే మానేయాలి.

వాము నొప్పికంటే దానితోపాటు వచ్చే కడుపుబ్బరానికే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. అర చెంచా వామును గ్లాసు నీటిలో మరిగించి ఒకసారి తాగితే చాలు. మెంతులు అర చెంచా నానబెట్టి తినవచ్చు గానీ, మధుమేహం మందులు వాడేవారిలో చక్కెర మరీ తగ్గవచ్చు, వేరుశెనగ పడనివారికి ఇవీ పడకపోవచ్చు.

రక్తస్రావం ఎక్కువగా ఉన్నవారు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు వైద్యులను అడగకుండా శొంఠి, మెంతులు మందు మోతాదులో వాడరాదు. గంటకొక ప్యాడ్ చొప్పున రెండు గంటలకు పైగా తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పెద్ద గడ్డలు పడుతున్నా, స్రావం ఏడు రోజులు దాటినా వైద్యులకు చూపించి, హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. నెలసరి ఆలస్యమై నొప్పి వస్తే, గర్భం లేదని తేలేదాకా ఇవేవీ వాడకూడదు.