బోర్డు డెక్ వెళ్లే ముందు: ఫైల్ పేర్లు, వెర్షన్ల జాగ్రత్తలు

బోర్డు మీటింగ్ నోటీసు, అజెండా కనీసం 7 రోజుల ముందు వెళ్లాలి కాబట్టి, డెక్ మీద అందరూ పడేది ఈ వారమే.

• మెయిల్‌లో కాపీ పంపొద్దు, లింక్ మాత్రమే పంపండి. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. పోయిన క్వార్టర్ మా బెంగళూరు ఆఫీసులో ఒకాయన v06 డౌన్‌లోడ్ చేసుకుని, వైట్‌ఫీల్డ్ క్యాబ్‌లో కూర్చుని 9వ స్లైడ్‌లో రాబడి అంకె సరిచేశాడు. అదే సమయంలో షేర్డ్ ఫైల్లో ఇంకొకరు 14వ స్లైడ్ మార్చారు. రెండు v06లు తయారయ్యాయి. రాత్రి పదకొండింటికి పవర్‌పాయింట్‌లో కంపేర్ పెట్టి కలిపాం.

• పేరులో మీటింగ్ తేదీ పెట్టండి, ఎడిట్ చేసిన తేదీ కాదు:

```
2026-01-22_BoardDeck_v07.pptx
```

సంవత్సరం ముందుంటే ఫోల్డర్లో వరసగా నిలబడతాయి. v7 అని కాక v07 అనండి; చాలాచోట్ల v10 పోయి v2 పైన కూర్చుంటుంది.

• "final" అనే మాట వద్దు. దాని వెనకే final2 వస్తుంది, మీకూ తెలుసు.

• ఎక్సెల్ ఫైల్ పేరు మార్చేముందు డెక్‌లోని చార్టులు దానికి లింక్ అయ్యాయేమో చూడండి. లింక్ తెగితే చార్టు మాయం కాదు, పాత అంకెలతో అలాగే ఉంటుంది. అందుకే ఎవరూ పట్టుకోలేరు.

• వెర్షన్ నంబర్ పెంచే పని ఒక్కరిదే. సీఎఫ్‌ఓ సరే అన్నాక ఆ వ్యక్తే పీడీఎఫ్ తీసి, ఎడిట్ హక్కులు ఆపేయాలి.