పేర్లు తీసేశాక కుదిరిన క్యాప్షన్

మా పెళ్లి ఫొటోలు సోషల్ మీడియాలో పెడుతూ మొదట అమ్మానాన్నల పూర్తి పేర్లు, అక్క ఉద్యోగం, మండపం లొకేషన్ అన్నీ రాసేశాను. సాయంత్రానికే ముక్కూమొహం తెలియనివాళ్లు అక్కకి మెసేజ్‌లు. తను గట్టిగానే తిట్టింది. ఎడిట్‌లోకి వెళ్లి లొకేషన్, ట్యాగ్‌లు తీసేసి ఇలా మార్చాను:

“మా పెళ్లికి వచ్చి దీవించినవాళ్లకీ, రాలేకపోయినా ఫోన్ చేసి పలకరించినవాళ్లకీ మా ఇద్దరి కృతజ్ఞతలు.”

పేర్లే లేవు కాబట్టి, నన్ను మర్చిపోయారన్న అలకలూ లేవు. దగ్గరివాళ్లకి విడిగా మెసేజ్ పెట్టాను.

అంతా అయ్యాక చూస్తే మూడో ఫొటోలో వెనక శుభలేఖ, దానిమీద నాన్న ఫోన్ నంబరు! జూమ్ చేస్తే చదవొచ్చు. ఆ ఒక్క ఫొటో తొలగించాను. అప్పటికే స్క్రీన్‌షాట్ తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం పాతదే ఉంటుంది.