రిటర్న్ గోడౌన్‌కు చేరింది, రీఫండ్ మాత్రం రాలేదు: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం, డబ్బులు రాబట్టడం

సమస్య: ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు వెనక్కి తీసుకెళ్లి మూడు నాలుగు వారాలైంది. యాప్ తెరిస్తే ఇప్పటికీ ‘Return in transit’ అనే ఉంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "వేర్‌హౌస్‌లో ప్రాసెస్ అవుతోంది సర్, ఇంకో ఐదు నుంచి ఏడు పనిదినాలు ఆగండి" అంటారు. ఆగి మళ్లీ చేస్తే ఇంకొకరు ఎత్తుతారు, అదే మాట చెప్తారు.

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర మా ఆన్‌లైన్ సర్వీస్ షాపుకు ఈ గోడు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. "పార్సిల్ యాడ పోయిందో ఏమో అన్నా, వాళ్లు ఇంకా రాలేదంటాండారు" అని మొదలుపెడతారు. పికప్ రోజు వచ్చిన మెసేజ్ చూపించమంటే మాత్రం ఎవరూ అప్పటిదాకా దాన్ని తెరిచి చూసి ఉండరు. చాట్‌లో యాభై మెసేజ్‌లు పెట్టి ఉంటారు, కోపంగా రేటింగ్ ఇచ్చి ఉంటారు, ఆ ఒక్క మెసేజ్ మాత్రం చూడరు.

ముందు చూడాల్సింది: రెండు నంబర్లు ఒకటేనా?

యాప్‌లో మీ ఆర్డర్ తెరిచి రిటర్న్ వివరాల్లోకి వెళితే కొరియర్ పేరు, ట్రాకింగ్ నంబరు ఉంటాయి. కొరియర్ వాళ్లు దీన్నే ఏడబ్ల్యూబీ నంబరు అంటారు. దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు పికప్ బాయ్ వచ్చిన రోజు మీ ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లోనో, అతను ఇచ్చిన స్లిప్ మీదో ఉన్న నంబరు తీసి పక్కన రాయండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే చూసి వదిలేయకండి, మొత్తం సరిపోల్చండి.

రెండూ ఒకటే అయి, కొరియర్ వెబ్‌సైట్‌లో ‘Delivered’ అని ఉంటే మీ పని సగం సులువు, కింద మెయిల్ దగ్గరికి వెళ్లిపోండి. రెండూ వేరైతే మాత్రం, మీరు ఎన్ని వారాలు ఆగినా ఆ రీఫండ్ దానంతట అది రాదు. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే.

కనిపించని కారణం: మధ్యలో మారిన కొరియర్

రిటర్న్ పెట్టగానే కంపెనీ సిస్టమ్ ఒక కొరియర్‌కు పికప్ ఇస్తుంది, ఒక నంబరు పుడుతుంది. ఊరు కాస్త లోపలిదైతే ఆ కొరియర్ వాళ్లకు అక్కడ పికప్ మనిషి ఉండడు, లేదా ఉన్నా రాడు. రాకుండానే ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని కొట్టేస్తాడు. అప్పుడు పికప్ రద్దయి ఇంకో కొరియర్‌కు వెళ్తుంది, కొత్త నంబరు పుడుతుంది. ఆ రెండో మనిషి వచ్చి డబ్బా తీసుకెళ్తాడు. మనం పని అయిపోయిందనుకుంటాం. కానీ కొన్నిసార్లు మన ఆర్డర్‌కు అతుక్కుని ఉన్నది ఇంకా మొదటి నంబరే. అంటే సిస్టమ్ ఎదురుచూస్తున్నది ఎప్పటికీ రాని పార్సిల్ కోసం.

డబ్బా మాత్రం గోడౌన్‌కు చేరుతుంది. అక్కడ గేటు దగ్గర లేబుల్ స్కాన్ చేస్తారు. ఆ నంబరు ఏదో ఒక రిటర్న్‌తో కలిస్తేనే దాన్ని లోపలికి వచ్చినట్టు నమోదు చేస్తారు, ఇన్‌వర్డ్ అంటారు దాన్ని. ఆ తర్వాతే క్వాలిటీ చెక్, అది పాసైతే రీఫండ్. నంబరు దేనితోనూ కలవకపోతే డబ్బాను ‘ఎవరిదో తెలియదు’ అనే కుప్పలో పక్కన పెడతారు. ఎవరైనా వివరాలతో అడిగేదాకా అది అక్కడే ఉంటుంది. కస్టమర్ కేర్‌లో కూర్చున్న అమ్మాయికి కనిపించేది మొదటి నంబరు స్టేటస్ ఒక్కటే కాబట్టి ఆమె ‘దారిలో ఉంది’ అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు, ఆమె స్క్రీన్ చెప్తోంది.

ఒకే రోజు రెండు వస్తువులు రిటర్న్ ఇచ్చినప్పుడూ ఇలాగే అవుతుంది. బాయ్ లేబుల్స్ తారుమారు చేసి అంటిస్తాడు, చీర డబ్బా మీద చెప్పుల లేబుల్ పడుతుంది, రెండూ క్వాలిటీ చెక్‌లో ‘వేరే వస్తువు వచ్చింది’ అని ఆగిపోతాయి. అందుకే లేబుల్ అంటించాక, బండి ఎక్కకముందు, డబ్బాతో సహా లేబుల్ ఫోటో తీసుకోమని నెత్తీనోరూ బాదుకునేది.

మెసేజ్ డిలీట్ చేశారా? అప్పుడు కాల్ లిస్టులో ఆ తేదీకి వెళ్లండి. ‘ఇంటి దగ్గర ఉన్నారా’ అని ఫోన్ చేసిన నంబరు అక్కడ ఉంటుంది. అతనికి చేస్తే ఏ కొరియర్‌లో పనిచేస్తున్నాడో తెలుస్తుంది. ఆ కొరియర్ లోకల్ బ్రాంచికి పోయి తేదీ, మీ మొబైల్ నంబరు చెప్పి ఆ రోజు పికప్ షీట్‌లో వెతకమనండి. చిన్న ఊళ్లలో ఇది చాలాసార్లు పనిచేస్తుంది, బ్రాంచిలో ఉండేది ఇద్దరు ముగ్గురే కాబట్టి.

ఒక కేసు చూడండి

ఉరవకొండ నుంచి ఒక అక్క వచ్చింది. 3,499 రూపాయల మిక్సీ, జార్ కింద నుంచి నీళ్లు కారుతోందని రిటర్న్ పెట్టింది. 6వ తేదీన పికప్ అన్నారు, ఎవరూ రాలేదు. 9వ తేదీన వేరే టీషర్టు వేసుకున్న అబ్బాయి వచ్చి తీసుకెళ్లాడు. యాప్‌లో నెల దాటినా దారిలోనే ఉంది. మెసేజ్‌లు వెతికితే 9వ తేదీది దొరికింది, నంబరు వేరు, కొరియర్ వేరు. ఆ నంబరు ఆ కొరియర్ సైట్‌లో కొడితే బెంగళూరు పక్కన హోస్కోటె గోడౌన్‌లో 13వ తేదీనే ‘Delivered’. అంటే మిక్సీ వాళ్ల దగ్గరే ఉంది, వాళ్లకే తెలియదు.

చాట్‌కు పోకుండా నేరుగా ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాం. ఈ ఆఫీసర్ పేరు, మెయిల్ ప్రతి ఈ-కామర్స్ సైట్‌లోనూ ఉండాలి, సాధారణంగా పేజీ అడుగున ఉంటాయి. రాసింది ఇంతే:

"నా ఆర్డర్ నంబరు ఇది, రిటర్న్ ఐడీ ఇది. మీ సిస్టమ్‌లో ఉన్న ట్రాకింగ్ నంబరు ఫలానా, ఆ పికప్ 6న రద్దయింది. వస్తువు 9న ఫలానా కొరియర్ ద్వారా ఈ రెండో నంబరుతో తీసుకెళ్లారు, 13న మీ హోస్కోటె గోడౌన్‌లో డెలివరీ అయింది. స్క్రీన్‌షాట్లు, పికప్ మెసేజ్, డబ్బా ఫోటో జతచేశాను. రెండో నంబరును నా రిటర్న్‌కు కలిపి, ఇన్‌వర్డ్ చేసి, 3,499 రూపాయలు చెల్లించిన ఖాతాకే వేయండి. ఈ ఫిర్యాదుకు నంబరు ఇవ్వండి."

ఇందులో తిట్టు లేదు, కథ లేదు. ‘నా రీఫండ్ ఎప్పుడు’ అని అడిగితే ‘త్వరలో’ అంటారు. ‘ఈ నంబరును ఆ నంబరుకు కలపండి’ అంటే గోడౌన్‌లో ఎవరో ఒకరు లేచి కుప్పలో వెతకాల్సిందే. అదే వారంలో ఆ అక్క డబ్బులు పడ్డాయి.

నంబర్లు రెండూ ఒకటే అయి డెలివరీ కూడా అయినవాళ్లు ఇదే మెయిల్‌లో రెండో నంబరు సంగతి తీసేసి, కొరియర్ దగ్గర డెలివరీ ప్రూఫ్ అడిగి జతచేయండి. తీసుకున్నవాళ్ల సంతకమో ముద్రో, తేదీ అందులో ఉంటాయి. అది చూపిస్తే ‘మాకు రాలేదు’ అనే మాట ఆగిపోతుంది.

కదలకపోతే

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ‘అది సెల్లర్ ఒప్పుకోవాలి, మా చేతిలో లేదు’ అని యాప్ వాళ్లు అంటే నమ్మకండి, వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ ఇదే గడువు. పాడైన వస్తువును, చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడానికి సెల్లర్‌కూ వీల్లేదు.

48 గంటలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. consumerhelpline.gov.in లో కూడా పెట్టొచ్చు. అక్కడ ఇచ్చే డాకెట్ నంబరు భద్రంగా ఉంచుకోండి. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అయినా కంపెనీలో ఆ ఫిర్యాదు చూసే మనుషులు చాట్ మనుషులు కాదు, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకులో ‘సరుకు వెనక్కి ఇచ్చాను, డబ్బు రాలేదు’ అని చార్జ్‌బ్యాక్ కూడా అడగొచ్చు, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారానే వెనక్కి తెప్పించుకోవడం. దానికి గడువు ఉంటుంది కాబట్టి కంపెనీ మాటలు వింటూ నెలలు గడపకండి.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అనంతపురం, కర్నూలు, కడప మూడుచోట్లా ఉన్నాయి. e-jagriti.gov.in లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఇన్‌వాయిస్ మీద ఉన్న సెల్లర్ అసలు పేరు, యాప్ కంపెనీ పేరు రెండూ ప్రతివాదులుగా రాయండి. ఒక్కరినే పెడితే రెండోవాళ్ల మీదికి తోసేస్తారు.

ఈ మధ్యలో ‘రీఫండ్ బదులు కూపన్ ఇస్తాం’ అంటే, మీకు నిజంగా అది చాలనుకుంటే తప్ప ఒప్పుకోకండి, ఒప్పుకున్నాక ఫిర్యాదు మూసేస్తారు. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకు అసలు చేయకండి. రీఫండ్ తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమన్నాడంటే వాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

మిగతా కారణాలు, క్లుప్తంగా

యాప్ ‘రీఫండ్ చేశాం’ అంటుంది, ఖాతాలో లేదు: ఆ చెల్లింపును బ్యాంకు గుర్తుపట్టే నంబరు ఒకటి ఉంటుంది, యూపీఐ అయితే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్, కార్డు అయితే ఏఆర్‌ఎన్. అది అడిగి తీసుకుని బ్యాంకులో చూపించండి. నంబరు ఇవ్వలేకపోతే ఇంకా పంపి ఉండకపోవచ్చు. అంతకుముందు యాప్ వాలెట్‌లో పడిందేమో చూడండి.

క్యాష్ ఆన్ డెలివరీ: మీ ఖాతా వివరాలు ఇవ్వమని వచ్చిన లింకు పట్టించుకోలేదేమో చూసుకోండి. ప్రగతి గ్రామీణ బ్యాంకు ఖాతా ఇచ్చినవాళ్లు, 2025 మేలో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది కాబట్టి, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఏది పనిచేస్తుందో బ్రాంచిలో అడిగి మళ్లీ ఇవ్వండి.

క్వాలిటీ చెక్ ఫెయిల్ అన్నారు: దేనికి ఫెయిలో ఫోటోలతో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే పైన చెప్పిన మెయిల్, 1915 దారే.

పార్సిల్ నిజంగానే దారిలో పోయింది: అరుదు. పికప్ రుజువు మీ దగ్గర ఉంటే అది వాళ్లకూ కొరియర్‌కూ మధ్య గొడవ, మీది కాదు.