విదేశీ అతిథులకు శ్రీకాళహస్తి ఒకరోజు టూర్ వివరాలు ఎలా రాయాలి?

"ఉదయం గుడి దర్శనం, తర్వాత కలంకారీ, మధ్యాహ్నం భోజనం, తిరుగు ప్రయాణం." చాలామంది ఇంతే రాసి పంపేస్తారు. మనకైతే సరిపోతుంది. జర్మనీ నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చే మనిషికి ఇందులో ఏమీ తెలియదు, అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకీ అంతే.

ముందు చూడాల్సింది వారం. శ్రీకాళహస్తిలో రద్దీ గడియారం ప్రకారం కాదు, రాహుకాలం ప్రకారం నడుస్తుంది. రాహుకేతు పూజ రోజంతా జరుగుతూనే ఉన్నా, రాహుకాలంలో చేయించుకుంటే మంచిదని ఆ సమయానికే జనం పోటెత్తుతారు. ఆ గంటన్నర రోజుకో వేళకి వస్తుంది: సోమవారం 7.30కి, శనివారం 9కి, శుక్రవారం 10.30కి, బుధవారం 12కి, గురువారం 1.30కి, మంగళవారం 3కి, ఆదివారం సాయంత్రం 4.30కి మొదలు (సూర్యోదయాన్ని బట్టి కాస్త అటూఇటూ). కాబట్టి అన్ని రోజులకీ ఒకే టైమ్‌టేబుల్ పెడితే సోమవారం వచ్చినవాళ్లు సరిగ్గా క్యూ మధ్యలో ఇరుక్కుంటారు, ఆ తర్వాత వచ్చే రివ్యూ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

గురువారం సంగతే తీసుకుందాం. పూజ వద్దు, గుడి చూస్తే చాలనుకునే అతిథులకు ఇలా రాయొచ్చు: "ఉదయం 6.30కి తిరుపతిలో మీ హోటల్ నుంచి బయలుదేరతాం. సుమారు 36 కిలోమీటర్లు, దాదాపు గంట ప్రయాణం. 7.45కి గుడిలోకి వెళ్లి 10 గంటల లోపు బయటికి వస్తాం. 10.30 నుంచి 12 వరకు కలంకారీ కళాకారుల దగ్గర ఉంటాం, భోజనం చేసి 2.30కల్లా తిరుపతి చేరతాం." అదే పూజ చేయించుకునే కుటుంబమైతే వరుస తిరగేయాలి. పొద్దున కలంకారీ, 1.30కి పూజ, తర్వాత దర్శనం, అటునుంచి అటే ఇంటికి. ఎందుకంటే శ్రీకాళహస్తి తర్వాత ఇంకో గుడికి వెళ్లకూడదని మనవాళ్లు గట్టిగా పాటిస్తారు. తిరుమల, తిరుచానూరు కూడా చూడాలనుకుంటే ముందురోజే పెట్టమని వివరంలోనే చెప్పేయండి, కారెక్కాక చెప్తే గొడవే.

తేదీ రాసేటప్పుడు నెల పేరు అక్షరాల్లో పెట్టండి. 5/6 అంటే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6.

ఇక బట్టలు. "సంప్రదాయ దుస్తులు" అని రాస్తే విదేశీయులకు అర్థం కాదు, "మర్యాదగా" అన్నా అంతే, ఎవరి మర్యాద వాళ్లది. శరీరం ఎక్కడిదాకా కప్పుకోవాలో చెప్పండి: భుజాలు, మోకాళ్లు కనిపించకూడదు, షార్ట్స్, చేతుల్లేని టాప్స్, చిరుగుల జీన్స్ వద్దు. మగవాళ్లకు పంచె లేదా వదులు పైజామా-కుర్తా, ఆడవాళ్లకు చీర లేదా చున్నీతో చుడీదార్. పూజలో కూర్చునేవాళ్లు నేలమీద బాసింపట్టు వేసుకోవాలి, బిగుతు ప్యాంటుతో కుదరదు, ఆ మాటా రాయండి. చెప్పులు బయట వదిలేస్తారు కాబట్టి మధ్యాహ్నం బండలు కాలతాయని హెచ్చరించండి, ఏప్రిల్, మే నెలల్లో అయితే ఇది పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫోన్లు, కెమెరాలు లోపలికి తీసుకెళ్లనివ్వరు, అందుకని గుడి లోపలి ఫొటోలతో టూర్‌కి ప్రచారం చేసుకోకపోవడమే మంచిది.

లోపల ఏం చూస్తారో రాసేచోట మాత్రం పిసినారితనం వద్దు. "పురాతన ఆలయం" అన్న మాట ప్రతి ఊరికీ వాడతారు. గాలి చొరబడని గర్భగుడిలో కూడా ఒక దీపం రెపరెపలాడుతుందనీ, పంచభూత లింగాల్లో ఇది వాయులింగం కావడానికి దాన్నే గుర్తుగా చెప్తారనీ, పూజారులు సైతం లింగాన్ని చేత్తో తాకరనీ రాస్తే అతిథి లోపల ఎటు చూడాలో ముందే తెలుసుకుని వస్తాడు. బయట రాజగోపురం గురించి కూడా నిజం చెప్పండి: కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం 2010 మేలో కూలిపోయింది, ఇప్పుడు కనిపించేది కొత్తది. అయిదు వందల ఏళ్ల గోపురం అని రాస్తే ఎవరో ఒకరు వెతికి పట్టుకుంటారు. గర్భగుడి దాకా తీసుకెళ్తామని మాత్రం మాట ఇవ్వకండి. ఎవర్ని ఎక్కడిదాకా అనుమతించాలన్నది ఆరోజు గుడి సిబ్బంది చేతిలో ఉంటుంది. హిందువులు కాని అతిథులుంటే బుకింగ్ తీసుకునే ముందే గుడివాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి.

కలంకారీకి గంటన్నర ఎందుకో కూడా ఒక వాక్యంలో చెప్పాలి, లేకపోతే చీరల షాపుకి తీసుకెళ్లి కమిషన్ కొట్టేస్తున్నారని అనుమానిస్తారు. కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు ఆ గుడ్డకు తగలగానే నల్లగా మారతాయి. ఆ గీత తామే ఒకటి గీసి చూడొచ్చా, కొనడం తప్పనిసరా కాదా, రెండూ స్పష్టంగా ఉండాలి.

చివర్లో టూర్ ధరలో ఏవి కలిశాయి, పూజ టికెట్ ఎవరు కొనాలి అన్నవి విడిగా పెట్టండి. టికెట్ ధరలు మారుతుంటాయి, అంకె వేయకుండా "ఆరోజు కౌంటర్ ధర" అని రాస్తే చాలు.