చెక్కు మీద అక్షరాల్లో మొత్తం రాసే ముందు

హిందీలో చెప్పిన మొత్తాన్ని ముందు అంకెల్లో రాసి, అవతలివాళ్లకు చూపించండి. వాళ్లు ‘పౌనే దో లాఖ్’ అంటే రెండు లక్షలకు పావు లక్ష తక్కువ, అంటే 1,75,000. ‘సవా దో లాఖ్’ అయితే 2,25,000. ‘ఉన్‌హత్తర్’ వినగానే చాలామంది 79 అనుకుంటారు, కానీ అది 69.

చెక్కు మీద పావు, అర, ‘లక్షన్నర’ లాంటివి వద్దు. తెలుగులో అయితే ‘ఒక లక్షా డెబ్బై ఐదు వేల రూపాయలు మాత్రమే’ అని, ఇంగ్లీషులో అయితే ‘వన్ లాఖ్ సెవెంటీ ఫైవ్ థౌజండ్ ఓన్లీ’ అని పూర్తిగా రాయండి. ‘ఒక’ వదలొద్దు, ముందు ఖాళీ ఉంటే ఎవరైనా ఇంకో అంకె చేర్చేయొచ్చు.

అంకెలు, అక్షరాలు తేడా వస్తే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం అక్షరాలదే చెల్లుతుంది. అయినా బ్యాంకు చెక్కు తిప్పి పంపొచ్చు. తప్పు పడితే దిద్దకండి, కొత్త చెక్కు రాయండి.